34 పేర్ల జాబితా, రెండు నిమిషాల వందన సమర్పణ

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతికి, ఆయన సవర భాషకు చేసిన సేవ మీద ఒకరోజు సదస్సు పెట్టాం. చివర్లో వందన సమర్పణ నాకు అప్పజెప్పారు. మా హెచ్‌ఓడీ గారు 34 పేర్ల లిస్టు చేతిలో పెట్టి, "ఒక్క పేరు కూడా పోకూడదమ్మా, కానీ రెండు నిమిషాల్లో ముగించాలి" అన్నారు. నేను చేరి ఏడాది కూడా కాలేదు. కాగితం చూసి చదవడం నాకిష్టం లేదు. చూడకపోతే పేర్లు మర్చిపోతానేమోనని టెన్షన్. ఎలా చేయాలో చెప్పండి.

జవాబు:

ముందు ఒక చిన్న లెక్క వేయండి. "ఫలానా గారికి మా కళాశాల తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు తెలియజేసుకుంటున్నాను" అనే వాక్యాన్ని గడియారం పెట్టుకుని పైకి అనండి. పేరు నలిగిపోకుండా, వెనక బెంచీకి వినపడేలా పలికితే ఏడు సెకన్లు పడుతుంది. 34 పేర్లకు 238 సెకన్లు, అంటే దాదాపు నాలుగు నిమిషాలు. దీని మీద హోదాలు, మొదట్లో వేదిక మీది పెద్దలందరికీ సంబోధన, చివర్లో విద్యార్థులకో మాట కలిపితే ఆరు నిమిషాలకు తేలుతుంది. కాబట్టి మీ హెచ్‌ఓడీ గారు అడిగిన రెండూ ఒకచోట కుదరవు. మీకు చేతకాక కాదు, ఆ లెక్కే అంత. ఇది ముందుగా తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

కాలేజీ సభల్లో వ్యాఖ్యాతగా, కన్వీనర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. వేదిక మీద తెలుగులో హాయిగా మాట్లాడితే నిమిషానికి 80 నుంచి 90 పదాలు వస్తాయి. అంతకంటే వేగం పెంచితే పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మధ్యలో ఒకసారో రెండుసార్లో చప్పట్లు పడతాయి, పేరు ముందు కాస్త ఆగాలి. అవన్నీ తీసేస్తే రెండు నిమిషాల్లో మీ చేతికి మిగిలేది సుమారు 150 పదాలు. వాటిలో ఆరు పేర్లు హాయిగా ఇముడుతాయి. ఏడో పేరు దగ్గర మళ్లీ జాబితా చదువుతున్నట్టే వినిపిస్తుంది.

అయితే ఏ ఆరుగురు? ఇక్కడే చాలామంది తడబడతారు. 34 మందిలో ముఖ్యమైనవాళ్లను ఏరుకుందామని కూర్చుంటే మనస్పర్థలు ఖాయం. మనుషులను ఏరకూడదు, వరుసలను చూడాలి. బయటి నుంచి వచ్చిన అతిథులు ఒక వరుస. సభాధ్యక్షులు, కన్వీనర్, అంటే సదస్సు బాధ్యత మోసినవాళ్లు ఇంకో వరుస. డబ్బో భోజనమో ఇచ్చిన దాతలు మరో వరుస. తర్వాత పత్రాలు సమర్పించినవాళ్లు, శాఖలోని సహాధ్యాపకులు, ఆఫీసు సిబ్బంది, ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు, సభికులు. ఒక వరుసలో ఒక్కరి పేరు చెబితే ఆ వరుసలో అందరి పేర్లూ చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వరుసలో ఎవరి పేరూ చెప్పకుండా, వాళ్లు కలిసి చేసిన పని చెప్పాలి. మీ కమిటీలో తొమ్మిది మంది ఉంటే, బాగా కష్టపడ్డారు కదా అని ఇద్దరి పేర్లు ఎత్తితే మిగతా ఏడుగురూ ఆ మాట సర్వీసంతా గుర్తుపెట్టుకుంటారు. తొమ్మిది మందికీ కలిపి, కళ్లారా చూసిన ఒక పని చెబితే తొమ్మిది మందీ సంతోషిస్తారు. గీత ఎప్పుడూ రెండు వరుసల మధ్యనే పడాలి, వరుస మధ్యలో పడకూడదు.

ఇలా చూస్తే మీ సదస్సుకు ఆరు పేర్లు తేలికగా తేలుతాయి: ముఖ్య అతిథి, కీలకోపన్యాసం చేసిన ఆచార్యులు, సవర భాష గురించి మాట్లాడటానికి వచ్చే ఉపాధ్యాయుడు, ప్రిన్సిపాల్, కన్వీనర్, భోజనాల దాత. మీకు దాతలు నలుగురుంటే నలుగురినీ చెప్పాలి కాబట్టి, అప్పుడు దాతల వరుస మొత్తాన్ని పనితోనే చెప్పి, వాళ్ల పేర్లు సభా ప్రారంభంలో వ్యాఖ్యాత చేత చెప్పించండి. దాత విషయంలో ఇంకో మాట. పేరు చెప్పవచ్చా అని ముందు రోజే అడగండి. కొందరు వద్దంటారు. ఇచ్చిన మొత్తం మాత్రం మైకులో ఎప్పుడూ చెప్పకండి.

మిగతా 28 పేర్ల సంగతి. మీ హెచ్‌ఓడీ గారి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరో ఒకరు పేరు రాలేదని నొచ్చుకుని, వచ్చే ఏడు పనికి రాకపోతే ఇబ్బంది పడేది ఆయనే. కాబట్టి "అన్ని పేర్లు కుదరవు సార్" అని ఉత్త చేతులతో వెళ్లకండి. ముందుగా ఒక స్లైడు తయారు చేసుకోండి. 34 పేర్లూ వరుసల వారీగా, ఎవరు ఏ పని చేశారో రెండు మూడు మాటల్లో పెద్ద అక్షరాలతో రాయండి. ఒక స్లైడులో పట్టకపోతే రెండు చేయండి. అది చూపించి, "సార్, దీన్ని టీ విరామంలోనూ, ముగింపు సభకు అందరూ వచ్చి కూర్చుంటున్నప్పుడూ తెర మీద ఉంచుదాం. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో కూడా పెడతాను. నేను మైకులో ఆరు పేర్లే చెబుతాను" అనండి. పేరు మైకులో ఏడు సెకన్లు వినిపించి పోతుంది. తెర మీద పది నిమిషాలు కనబడుతుంది, ఫోన్లో ఫొటోగా ఇంటికి కూడా వెళ్తుంది. ఈ మాటకు ఒప్పుకోని హెచ్‌ఓడీని నేను చూడలేదు. స్లైడు వేసే ముందు ఇంటిపేర్లు, ఇనిషియల్స్, డాక్టరేట్లు ఆయన చేతే సరిచూపించండి. అప్పుడు అది ఆయన స్లైడు కూడా అవుతుంది.

ఒక జాగ్రత్త: మీరు మాట్లాడుతున్నంతసేపూ మాత్రం ఆ స్లైడు తెర మీద ఉండకూడదు. పేర్లు కనబడుతుంటే జనం వాటిని వెతుక్కుంటారు, మీ మాట వినరు. మీరు మైకు దగ్గరికి వెళ్లేసరికి తెర మీద సదస్సు శీర్షిక ఉండాలని ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న విద్యార్థికి ముందే చెప్పి ఉంచండి.

ఇక అసలు పని. జాబితాలా వినిపించకుండా ఎలా చెప్పాలి? జాబితా అనిపించేది పేర్లు ఎక్కువవడం వల్ల మాత్రమే కాదు. ప్రతి పేరు వెనకా అదే మాట రావడం వల్ల. "అమూల్యమైన సమయాన్ని వెచ్చించి", "మా ఆహ్వానాన్ని మన్నించి", "సభకు నిండుదనాన్ని తెచ్చిన" లాంటివి ఏ సభకైనా, ఏ అతిథికైనా అతుకుతాయి. నిన్ననే రాసిపెట్టుకోగలిగిన మాటలని వినేవాళ్లకు తెలిసిపోతుంది. అందుకని ప్రతి పేరుకూ ఆ రోజు, ఆ హాల్లో, ఆ మనిషి చేసిన ఒక్క పని చెప్పండి. హోదా చెప్పకండి, దాన్ని వ్యాఖ్యాత పొద్దుటి నుంచి చాలాసార్లు చెప్పే ఉంటారు.

దీనికి మీరు ఆ రోజు చేయాల్సిన పని ఒకటుంది. మొదటి వరుసలో కాకుండా పక్కగా కూర్చుని, ప్రతి ప్రసంగం అవగానే ఒక చిన్న కాగితం మీద ఒకే వాక్యం రాయండి. ప్రసంగ సారాంశం అక్కర్లేదు. హాలంతా తలెత్తి చూసిన క్షణం ఏదో రాయండి. నవ్వారా, నిశ్శబ్దం అయిపోయారా, ఎవరైనా ఫోన్ తీసి ఫొటో కొట్టారా? అది చాలు. ఉదాహరణకు మీ కీలకోపన్యాసంలో, గిడుగు వారు సవర నేర్చుకోవడానికి ఆ భాష తెలిసిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్న సంగతి రావచ్చు. 1938లో అచ్చయిన ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు పుటలు తెర మీద చూపించవచ్చు. విద్యార్థులు తలెత్తేది సరిగ్గా అలాంటి చోటే. అలాగే తెర వెనక పనులను కూడా చూసి రాయండి. కరెంటు పోయినప్పుడు ఎవరు పరుగెత్తారు, వడ్డన ఎలా సాగింది, పొద్దున ఏడింటికి బ్యానర్ ఎవరు కట్టారు. అధ్యక్షులకు ఇవేవీ కనబడవు. మీరు చెబితేనే సభకు తెలుస్తాయి.

వాక్యం కూర్పులో తెలుగు మనకు బాగా సహకరిస్తుంది. "నిఘంటువు పుటలు చూపించిన ఫలానా గారికి" అన్నప్పుడు పని ముందు వచ్చి పేరు తర్వాత వస్తుంది. పని వినగానే సభికులు ఎవరో గుర్తుపడతారు, ఆ తలలు అటు తిరుగుతుండగానే మీరు పేరు చెబుతారు. ఇది చాలా బాగుంటుంది. పేరు ముందు చెప్పి తర్వాత పొగిడితే ఆ బిగువు రాదు. కాకపోతే ఒక పేరు ముందు ఒక్క పనే పెట్టండి, మహా అయితే రెండు. "వచ్చి, చూసి, చెప్పి, నవ్వించి, ఆలోచింపజేసి" అని గొలుసు కడితే పేరు వచ్చేసరికి మీకే ఊపిరి అందదు. ఇంకో లాభం కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు పేర్లకు "గారికి, గారికి" అని వరుసగా చెప్పి, చివర్లో ఒక్కసారి "కృతజ్ఞతలు" అంటే సరిపోతుంది. ప్రతి పేరుకూ "తెలియజేసుకుంటున్నాను" అక్కర్లేదు. ఏడు సెకన్లలో నాలుగు సెకన్లు తినేస్తున్నది ఆ తోకే.

మీ సదస్సు ఆ రోజు ఎలా నడుస్తుందో ఇప్పుడే తెలియదు కాబట్టి, ఇలా జరిగిందనుకుని ఒక నమూనా రాస్తున్నాను. పేర్లున్నచోట మీరు పేర్లు పెట్టుకోండి.

"అందరికీ నమస్కారం. సవర నేర్చుకోవడానికి రామమూర్తి పంతులు గారు ఆ భాష తెలిసిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారని పొద్దున విన్నాం. మధ్యాహ్నం అదే భాషను ఇదే హాల్లో మన చెవులతో విన్నాం.

"పంతులు గారి సంగతి చెప్పి, 1938 నాటి నిఘంటువు పుటలు మనకు తెర మీద చూపించిన ఆచార్య (పేరు) గారికి, సీతంపేట నుంచి వచ్చి మన పిల్లల చేత సవరలో పలకరింపులు పలికించిన (పేరు) మాస్టారికి మా అందరి కృతజ్ఞతలు.

"సదస్సును ప్రారంభించి, సవర పెద్దల కథలు రికార్డు చేయడానికి మీ విద్యార్థులను పంపండని అడిగిన ముఖ్య అతిథి (పేరు) గారికి ధన్యవాదాలు. ఆ మాట మేం మర్చిపోం.

"రోజంతా కూర్చుని ప్రతి పత్రమూ విన్న మా ప్రిన్సిపాల్ (పేరు) గారికి, మూణ్ణెల్లుగా ఈ సదస్సు కోసం తిరిగిన మా కన్వీనర్ (పేరు) గారికి, మనందరికీ కడుపునిండా భోజనం పెట్టిన (పేరు) గారికి నమస్సులు.

"పదకొండింటికి కరెంటు పోతే రెండు నిమిషాల్లో మైకు మళ్లీ పలికింది. అది మా ఆఫీసు సిబ్బంది చలవ. భోజనాల దగ్గర ఎవరూ ఖాళీ విస్తరి ముందు కూర్చోలేదు. అది మా ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల చలవ. వాళ్లకు ఒకసారి చప్పట్లు కొడదాం.

"పత్రాలు సమర్పించినవారికి, వాటిని సర్దిపెట్టిన మా శాఖ అధ్యాపకులకు, నాలుగున్నర దాకా కూర్చుని ప్రశ్నలు అడిగిన మీ అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు జాతీయ గీతం. అందరూ లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాను."

పేర్లు కలుపుకుని ఇది 150 పదాల దగ్గరికి వస్తుంది. తొందరపడకుండా చెబితే నిమిషం ముప్పావు, చప్పట్లతో కలిపి రెండు నిమిషాలు.

ఇందులో గమనించవలసినవి కొన్ని చెబుతాను. మొదట్లో "వేదికను అలంకరించిన సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి" అనే సంబోధన లేదు. ఆ మనుషులకే మరో అర నిమిషంలో పేరుపేరునా ధన్యవాదాలు చెప్పబోతున్నారు. ఒకే మనిషిని రెండుసార్లు ప్రస్తావించడానికి మీ దగ్గర సమయం లేదు. మర్యాద తక్కువవుతుందని ఎవరైనా అంటే "అధ్యక్షులకు, సభకు నమస్కారం" అనండి. సరిపోతుంది.

రెండోది, ముఖ్య అతిథి కంటే ముందు కీలకోపన్యాసకుణ్ణీ ఉపాధ్యాయుణ్ణీ చెప్పాను. ప్రోటోకాల్ ప్రకారం ముఖ్య అతిథి ముందు రావాలని మీ కాలేజీలో పట్టింపు ఉంటే ఆ రెండు పేరాల చోటు మార్చండి. ప్రసంగం ఏమీ దెబ్బతినదు. కానీ నా మట్టుకు, సదస్సు ఏ విషయం మీద జరిగిందో ఆ విషయాన్ని తెచ్చిచ్చినవాళ్లే ముందుండాలి. ఇంకా చెప్పాలంటే, సవర మాస్టారిని ఆచార్యుల పక్కనే, ఒకే వాక్యంలో, ఒకే కృతజ్ఞతలో పెట్టడం నాకు చాలా ముఖ్యం. స్థానిక వక్తలను చివర్లో "అలాగే" అని తగిలించడం మన సభల్లో మామూలైపోయింది. సవర భాష మీద పెట్టిన సదస్సులో సవర మాట్లాడే మనిషి "అలాగే"లో పడకూడదు.

మూడోది, ప్రసంగాల మీద మీ అభిప్రాయం ఎక్కడా లేదు. గిడుగు వారి గురించి మీకు ఎంత తెలిసినా అది ఆ రెండు నిమిషాల్లోకి రానివ్వకండి. తెలుగు లెక్చరర్లకు ఇది కష్టం, నాకు తెలుసు. మొదటి రెండు వాక్యాలు కూడా రోజును గుర్తుచేయడానికే, మరో ఉపన్యాసం మొదలుపెట్టడానికి కాదు.

నాలుగోది, "ఎవరి పేరైనా మర్చిపోతే క్షమించగలరు" అనే మాట లేదు. ఆ మాట వినగానే ప్రతి ఒక్కరూ ఎవరి పేరు పోయిందా అని లెక్కపెట్టడం మొదలుపెడతారు. వరుసలు సరిగ్గా చూసుకుంటే ఎవరూ మిగిలిపోరు, ఆ మాట అవసరం పడదు. నమూనాలో ఒకసారి సరిచూడండి. 34 మందిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక వాక్యంలో ఉన్నారు. మీరు కూడా మాట్లాడే ముందు మీ స్లైడు పక్కన పెట్టుకుని ఇదే పని చేయండి. ఒక్కో పేరు మీద వేలు పెట్టి, ఈ మనిషి నా ఏ వాక్యంలో ఉన్నాడని అడగండి. ఎవరైనా ఎక్కడా లేకపోతే ఒక పేరు కాదు, ఒక పని చేర్చండి. ఫొటోగ్రాఫరు, మైక్‌సెట్ కుర్రాడు, హాలు ఊడ్చిన ఆయమ్మ ఇలాగే దొరుకుతారు. వాళ్లు హెచ్‌ఓడీ గారి జాబితాలో కూడా ఉండకపోవచ్చు.

గుర్తుపెట్టుకోవడం గురించి. దీన్ని మాటకు మాట బట్టీ పట్టకండి. బట్టీలో ఒక్క మాట జారితే మిగతాదంతా ఆగిపోతుంది, జనం ముందు అది చాలా భయంకరంగా ఉంటుంది. రోజు జరిగిన క్రమంలో ఆరు గుర్తులు మనసులో పెట్టుకోండి: ఇంట్లో పెట్టుకున్న మనిషి, నిఘంటువు–పలకరింపులు, రికార్డు చేయమన్న మాట, మన పెద్దలు–భోజనం, కరెంటు–విస్తరి, ప్రశ్నలు. ఒక్కో గుర్తు దగ్గర ఏం జరిగిందో మీరే చూశారు కాబట్టి వాక్యం దానంతటదే వస్తుంది. ప్రతిసారీ కాస్త వేరుగా వచ్చినా ఫరవాలేదు. నిలబడి, గొంతు ఎత్తి, ఫోన్లో టైమర్ పెట్టుకుని నాలుగైదు సార్లు అనుకోండి. మనసులో అనుకుంటే లెక్కకు రాదు, మనసులో మాట నోటి కంటే చాలా వేగంగా పోతుంది.

పేర్లు మాత్రం జ్ఞాపకం మీద వదిలేయకండి. విజిటింగ్ కార్డంత కాగితం మీద ఆరు పేర్లు, చెప్పే వరుసలో, పెద్ద అక్షరాలతో రాసుకుని అరచేతిలో ఉంచుకోండి. వాక్యాలు రాయకండి, రాస్తే కళ్లు అందులోనే ఉండిపోతాయి. పేరు చెప్పబోయే ముందు ఒకసారి కిందికి చూసి, తలెత్తి, ఆ మనిషి వైపు చూస్తూ పేరు పలకండి. అలా చూడటం చదవడం కిందికి రాదు. పేరు తప్పు పోకూడదన్న శ్రద్ధగానే కనబడుతుంది. పొద్దున అతిథులు టీ తాగుతున్నప్పుడే వెళ్లి, "సార్, మీ పేరు వేదిక మీద ఎలా చెప్పమంటారు?" అని అడిగి రాసుకోండి. కొందరికి ఇంటిపేరుతో పిలవడం ఇష్టం, కొందరికి ఇనిషియల్స్ చాలు. డాక్టర్ అనాలా, ఆచార్య అనాలా, "మేడమ్ గారు" అంటే చాలా, పక్కన శ్రీమతి పెట్టాలా అన్నది కూడా వాళ్లే చెబుతారు.

ఇక ఆ రోజు అడ్డం తిరిగేవి. ముఖ్య అతిథి మధ్యాహ్నమే వెళ్లిపోవడం మామూలే. అప్పుడు "వేదిక మీద ఉన్న" అనే మాట నోట రాకూడదు. త్వరగా వెళ్లారన్న ప్రస్తావన కూడా వద్దు. నమూనాలో "సదస్సును ప్రారంభించి" అని ఉంది కదా, ఆయన ఉన్నా లేకపోయినా ఆ వాక్యం నిలబడుతుంది. అతిథుల వాక్యాలను మొదటి నుంచీ ఇలాగే రాసుకోండి. పిలిచిన మనిషికి బదులు ఇంకొకరు వస్తే కార్డు మీద పేరు కొట్టేసి కొత్త పేరు రాయండి. ఆ పని వెంటనే చేయాలి, తర్వాత చేద్దామనుకుంటే పాత పేరే నోటికి వస్తుంది.

శాలువాలు, జ్ఞాపికలు ఇచ్చేటప్పుడు వ్యాఖ్యాత ప్రతి అతిథికీ ధన్యవాదాలు చెప్పేస్తుంటారు. ఆ వెంటనే మీరు వచ్చి మళ్లీ అదే చెబితే సభ బరువెక్కుతుంది. ముందు రోజే వ్యాఖ్యాతతో మాట్లాడుకోండి. జ్ఞాపికల దగ్గర పేరు, హోదా వాళ్లవి. చేసిన పని, కృతజ్ఞత మీవి. సర్టిఫికెట్లు ఎక్కడ తీసుకోవాలి, టీఏ ఫారాలు ఎవరికివ్వాలి, బస్సు ఎక్కడ ఆగింది లాంటి ప్రకటనలన్నీ కూడా మీకంటే ముందే అయిపోవాలి. మీ మాట తర్వాత ఎవరూ మైకు తీసుకోకూడదు. మీ తర్వాత "సర్టిఫికెట్లు రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర" అని ఒక్క మాట వినిపిస్తే సగం హాలు లేచి అటు నడుస్తుంది, జాతీయ గీతం ఆ గందరగోళంలో మొదలవుతుంది. గీతానికి పట్టేది 52 సెకన్లే. ఎవరు ఎత్తుకుంటారో, రికార్డు వేస్తారో ముందే తేల్చి, పాడే విద్యార్థులను మీరు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడే మైకు పక్కకు వచ్చి నిలబడమనండి. మీ చివరి మాటకూ గీతం మొదటి మాటకూ మధ్య ఖాళీ ఉండదు.

సదస్సు గంట ఆలస్యమై, ప్రిన్సిపాల్ గారు మీ వైపు చూసి వాచీ చూపించారనుకోండి. అప్పుడు రెండు నిమిషాల ప్రసంగాన్ని గబగబా చెప్పే ప్రయత్నం చేయొద్దు. ముప్పై నలభై సెకన్లది ఒకటి విడిగా సిద్ధంగా ఉంచుకోండి. "అందరికీ నమస్కారం. నిఘంటువు పుటలు చూపించిన ఆచార్య (పేరు) గారికి, సవర వినిపించిన (పేరు) మాస్టారికి, సదస్సును ప్రారంభించిన (పేరు) గారికి, దీన్ని నడిపించిన ప్రిన్సిపాల్ (పేరు) గారికి, కన్వీనర్ (పేరు) గారికి, భోజనం పెట్టిన (పేరు) గారికి, పొద్దుటి నుంచి నిలబడి పనిచేసిన మా సిబ్బందికీ పిల్లలకూ, ఇంతసేపు విన్న మీకూ కృతజ్ఞతలు. ఇప్పుడు జాతీయ గీతం." అవే ఆరు పేర్లు, అదే వరుస, ఒక్కొక్కరికి ఒక్క ముక్క. ఆలస్యమైందన్న మాట అందులో లేదు, ఎందుకంటే ఆ ఆలస్యానికి కారణమైన వక్త బహుశా వేదిక మీదే ఉంటారు.

మాట్లాడుతుండగా ఒక పేరు నిజంగానే దాటిపోతే, వెనక్కి వెళ్లి "అన్నట్టు మర్చిపోయాను" అనకండి. ముందుకు సాగి, తర్వాతి వాక్యం చివర ఆ పేరును మామూలుగా కలిపేయండి. "మీ అందరికీ" అనే ముందు "మనకు భోజనం పెట్టిన (పేరు) గారికి" అని చేర్చితే అది మర్చిపోయిన పేరని మీకు తప్ప ఎవరికీ తెలియదు. గీతం కూడా మొదలయ్యాక గుర్తొస్తే, అయిపోగానే నేరుగా ఆ మనిషి దగ్గరికే వెళ్లి చేతులు జోడించండి, సాయంత్రం వాట్సాప్ సందేశంలో ఆ పేరు మొదట రాయండి.

29వ తేదీకి ముందు ఒక సాయంత్రం హాలు ఖాళీగా ఉన్నప్పుడు మైకు ఆన్ చేయించుకుని ఒకసారి చెప్పి చూడండి. వెనక బెంచీలో ఒక విద్యార్థిని కూర్చోబెట్టి, వినబడిన పేర్లను కాగితం మీద రాయమనండి. ఆ అమ్మాయి తప్పు రాసిన పేరేదో, దాన్ని మీరు ఇంకొంచెం నెమ్మదిగా పలకాలి.